కాలనీలో వీధి కుక్కల్ని హింసిస్తుంటే మున్సిపాలిటీకి అర్జీ ఎట్టా రాయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మా కాలనీలో ఏడు వీధి కుక్కలకు నేను రోజూ అన్నం పెడతాను. సంక్రాంతికి ముందు ఒక కుక్క నురగలు కక్కి చచ్చిపోయింది. ఇంకోదాన్ని కర్రతో కొట్టి వెనక కాలు విరగ్గొట్టారు. నాలుగు కుక్కపిల్లల్ని గోతంలో వేసుకుని ఆటోలో ఎటో తీసుకెళ్లి వదిలేశారు. నాలుగు పేజీల అర్జీ రాసి మున్సిపల్ ఆఫీసులో ఇస్తే పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. స్టేషన్‌కి పోతే మున్సిపాలిటీకి పొమ్మన్నారు. ఎవరికి రాయాలి, ఏమని రాయాలి?

జవాబు:

అమ్మా, ఇద్దరూ మీకు చెప్పింది సగం సగం నిజమే. అందుకే ఇద్దరూ తప్పించుకోగలిగారు. నేను ప్రకాశం జిల్లాలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఇట్టాంటి అర్జీలు నా టేబుల్ మీదకు ఎన్నో వచ్చాయి. ఇప్పుడు జనానికి నేనే రాసిపెడుతున్నా. మీ కాగితం లోపల ఏమవుతుందో ముందు చెబుతాను, అది తెలిస్తే ఎట్టా రాయాలో సగం తెలిసిపోతుంది.

మీ నాలుగు పేజీలు తపాలు సెక్షన్‌లో ఇచ్చాక గుమస్తా మొత్తం చదవడు. ‘విషయం’ అని రాసిన లైను చూస్తాడు, అందులో ‘కుక్క’ అనే మాట కనపడితే శానిటేషన్‌కి మార్క్ చేస్తాడు. అది ఇన్‌స్పెక్టర్ చేతికొస్తుంది. ఆయన ఒక పూట కాలనీకి వస్తాడు. ఆయన వచ్చేసరికి మీరు ఇంట్లో ఉండరు, అసోసియేషన్ వాళ్లు మాత్రం నలుగురు ఉంటారు. ‘సార్, కుక్కల బాధ పడలేకపోతున్నాం, ఆమె అన్నం పెట్టి ఎక్కువ చేస్తోంది’ అంటారు. ఆయన ఆఫీసుకు పోయి ‘స్థానికంగా విచారించగా సదరు ఫిర్యాదు వ్యక్తిగత విభేదాల వలన ఇచ్చినట్లు తెలియవచ్చినది’ అని ఒక వాక్యం రాస్తాడు. అక్కడితో ఫైలు మూత. ఈ వాక్యం ఇంత బాగా నాకెట్టా గుర్తుందంటే, నేనూ రాశాను కాబట్టి.

మీ అర్జీలో ఉన్న తప్పు, మూడు వేరు వేరు సంగతుల్ని ఒకే కాగితంలో కలపడం. కుక్కకు విషం పెట్టినవాణ్ని పట్టుకోవడం మున్సిపాలిటీ పని కాదు, వాళ్లకా అధికారం లేదు. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు, అన్నం పెట్టే చోటు నిర్ణయించడం పోలీసుల పని కాదు. కాబట్టి రెండు కాగితాలు కావాలి. అవి ఒకే రోజు ఇవ్వాలి. ఒకదాని నకలు రెండోదానికి జత చెయ్యాలి, అప్పుడు ‘అటు పొండి’ అనే మాటకు తావుండదు.

ముందు పోలీసు కాగితం. దానికి టైం ఉంది. జంతు హింస నివారణ చట్టం, 1960 కింద నేరం జరిగిన మూడు నెలల లోపే కేసు కోర్టుకు పోవాలి. 36వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. మీది సంక్రాంతికి ముందు జరిగింది కనక ఏప్రిల్ మొదటి వారం దాటితే ఆ చట్టం మీకు అక్కరకు రాదు.

అదే చట్టంలో ఇంకో మెలిక. 11వ సెక్షన్‌లో ‘ఏ’ నుంచి ‘ఓ’ దాకా క్లాజులున్నాయి. కొట్టడం, తన్నడం ‘ఏ’లో ఉంటుంది. దాని మీద పోలీసులు తమంతట తాము కేసు కట్టలేరు. చంపడం, అవయవం పోయేట్టు చెయ్యడం ‘ఎల్’ క్లాజు. దాని మీద కట్టొచ్చు. మీరు ‘కుక్కల్ని కొడుతున్నారు’ అని రాస్తే రైటర్ గారు పక్కన పెట్టడానికి దారి దొరుకుతుంది. ‘విషం పెట్టి చంపారు, ఇంకో కుక్క వెనక కాలు విరగ్గొట్టి కుంటిదాన్ని చేశారు’ అని రాస్తే ఆ దారి మూసుకుంటుంది. దీనికి తోడు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో జంతువు ఖరీదు పది రూపాయలా, యాభై రూపాయలా అని చూసేవాళ్లు. 2024 జులై 1 నుంచి ఆ లెక్క లేదు. 1960 చట్టంలో మాత్రం మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. కాలనీ పెద్దమనుషులకు ఈ సంగతి తెలుసు, నవ్వుతారు కూడా. అందుకే 325 లేకుండా కాగితం ఇవ్వొద్దు.

స్టేషన్లో ‘వీధి కుక్క ఎవరి ఆస్తమ్మా? నీకేం నష్టం?’ అని అడగొచ్చు. అది తీసిపారేసే ప్రశ్నేం కాదు. 325 నిలబడాలంటే ఒక మనిషికి గానీ, పబ్లిక్‌కు గానీ నష్టం కలిగించే ఉద్దేశం గానీ, నష్టం కలుగుతుందని తెలిసే చేశారని గానీ చూపించాలి. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. ‘ఈ కుక్కకు నేను ఫలానా తేదీన రేబిస్ టీకా వేయించాను, ఇదిగో చీటీ, ఐదేళ్లుగా నేనే సాకుతున్నాను’ అనండి. టీకా చీటీ చిన్న కాగితమే గానీ ఇక్కడ దాని విలువ ఎక్కువ.

ఇక సాక్ష్యం. చచ్చిపోయిన కుక్క శవం ఏమైంది అని మీరు రాయలేదు. బహుశా తెల్లారేసరికి పారిశుధ్య కార్మికులు తోపుడు బండిలో వేసుకుని డంపింగ్ యార్డుకు తీసుకుపోయి ఉంటారు. తొంభై పాళ్లు ఇదే జరుగుతుంది. మళ్లీ జరగకూడదని కోరుకుంటూనే, జరిగితే ఏం చెయ్యాలో చెబుతాను.

నేను చూసిన ఒక కేసు. మే నెల. ఒక కాలనీలో పొద్దున ఐదున్నరకు పాలకు బయల్దేరిన ఒక టీచరమ్మ, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన తను సాకే నల్ల కుక్క పడి ఉండటం చూసింది. నోట్లో నురగ, మూతి చుట్టూ మట్టి తడిసి బురదై ఉంది. కాళ్లు నాలుగూ బిగుసుకుని ఉన్నాయి. చుట్టూ నేల మీద గోళ్లతో గీరిన గీతలు, అంటే చచ్చేముందు చాలాసేపు కొట్టుకుంది. ఒక మూర దూరంలో కక్కిన కోడి బిర్యానీ. ఆ మెతుకుల మధ్య ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, రంగు గుళికలు. పొలం పని తెలిసినవాళ్లెవరికైనా చూడగానే అర్థమవుతుంది, వరి చేలో పురుగుకు చల్లే గుళికల మందు. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఏ ఎరువుల కొట్లో అడిగినా దొరికే సరుకు, అందుకే కాలనీల్లో ఎక్కువగా దాన్నే వాడతారు.

ఆమె మూడు మంచి పనులు చేసింది. బండి తోసుకొచ్చిన కార్మికుణ్ని ‘గంటాగన్నా, తర్వాత నేనే పిలుస్తా’ అని బతిమాలి ఆపింది. దేన్నీ కదల్చకముందే ఫోటోలు తీసింది. దూరం నుంచి ఒకటి, అందులో ఇంటి గోడ మీద డోర్ నంబరు కనపడుతుంది. దగ్గర్నుంచి ఒకటి, గుళికల పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి. తర్వాత చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని ఆ కక్కినదాన్ని శుభ్రమైన గాజు సీసాలోకి తీసి మూత బిగించింది. గుళికల మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఆ తర్వాత చేపల మార్కెట్ నుంచి ఐసు తెప్పించి, శవాన్ని గోతంలో పెట్టి చుట్టూ ఐసు వేయించింది. మే ఎండలో అట్టా చెయ్యకపోతే మధ్యాహ్నానికి శవం ఉబ్బి పోస్టుమార్టానికి పనికిరాకుండా పోయేది.

పోలీసులు ఉత్తరం రాసిస్తే ప్రభుత్వ పశువైద్యుడు పోస్టుమార్టం చేస్తాడు. ఆ ఉత్తరం కోసం ఆమె స్టేషన్లో మూడు గంటలు కూర్చుంది. డాక్టరు గారు కడుపులో ఉన్నదాన్నీ, లివర్ ముక్కనూ తీసి సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపించారు. రిపోర్టు రావడానికి నెలలు పట్టింది. ఎవరికీ జైలు పడలేదు, బిర్యానీ ఎవరు పెట్టారో చూసినవాళ్లు లేరు. కానీ కానిస్టేబుల్ వచ్చి వీధిలో ఏడిళ్లలో ‘ఎరువుల కొట్టు బిల్లేమన్నా ఉందా’ అని అడిగిపోయిన రోజు నుంచి ఆ కాలనీలో విషం పెట్టడం ఆగింది. మీరు ఆశించదగ్గ ఫలితం కూడా అంతేనని నా అంచనా.

ఒకవేళ కుక్క ఇంకా కొట్టుకుంటుంటే ఉప్పునీళ్లు, చింతపండు రసం, మజ్జిగ పొయ్యొద్దు. ఫిట్స్‌లో ఉన్న కుక్కకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విపరీతంగా చొంగ కార్చడం, ఒళ్లు అదరడం, కంటిపాప సూదిమొనంత అయిపోవడం గుళికల మందు గుర్తులు. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. అది డాక్టరు చెయ్యాల్సిందే.

మీ విషయంలో శవం పోయింది కాబట్టి, కాలు విరిగిన కుక్కే ఇప్పుడు మీకున్న గట్టి సాక్ష్యం. దాన్ని ఇవాళే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. చీటీ మీద తేదీ, ఏ కాలు, ‘దెబ్బ వలన ఎముక విరిగినది’ అనే మాట రాయించుకోండి. ఎక్స్‌రే తీస్తే ఇంకా మంచిది. వాన్ కింద పడినా కాలు విరుగుతుంది కదా అని వాళ్లు అంటారు, కొట్టడం చూసిన మనిషి పేరు కావాలి. చూసినవాళ్లు లేకపోతే ఎవరి పేరూ రాయొద్దు. ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాయండి. అనుమానం ఉంటే పోలీసులకు నోటితో చెప్పండి. కాగితం మీద పక్కింటాయన పేరు రాసి నిరూపించలేకపోతే పరువు నష్టం అంటూ మీ మీదికే వస్తాడు. కాలనీ వాట్సాప్ గ్రూపులో అయితే అసలే వద్దు.

ఇప్పుడు మున్సిపాలిటీ కాగితం. ఇందులో ప్రేమ, పాపం, మూగజీవాలు అనే మాటలు ఒక్కటీ అక్కర్లేదు. ఆ మాటలు చూడగానే ‘భావోద్వేగం’ కింద జమకడతారు. మున్సిపాలిటీ తన చేత్తో చెయ్యగలిగిన పనులే అడగాలి. ఒక పేజీ దాటకూడదు. మీ సంగతులు పెట్టి నేనే రాసిస్తున్నా, తేదీలు సరిచూసుకోండి.

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారి సముఖమునకు,

విషయం: ….. వార్డు, ….. కాలనీలో వీధి కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు, ఆహారం పెట్టు స్థలం నిర్ణయం, అక్రమ తరలింపు నివారణ గురించి.

ఆర్యా,

మా కాలనీ 2, 3 వీధులలో ఏడు వీధి కుక్కలు ఉండేవి. 09-01-2026న ఒకటి విషాహారం తిన్న లక్షణాలతో మరణించినది. 11-01-2026న ఒక గోధుమ రంగు ఆడ కుక్క కాలు విరగగొట్టబడినది. 12-01-2026 రాత్రి సుమారు 9 గంటలకు నాలుగు కుక్కపిల్లలను గోతంలో వేసి ఆటోలో తరలించినారు. మొదటి రెండు సంఘటనలపై పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినాను, నకలు జతపరచినాను.

తమరు దయచేసి:

1. పై తేదీలలో మా కాలనీ నుండి కుక్కలను పట్టుకొనుటకు మున్సిపాలిటీ ఎవరికైనా అనుమతి ఇచ్చినదా లేదా తెలియజేయగలరు.

2. మిగిలిన కుక్కలకు జంతు సంతాన నియంత్రణ నియమాలు, 2023 ప్రకారం శస్త్రచికిత్సలు, టీకాలు చేయించి తిరిగి అదే స్థలంలో వదిలించగలరు. పట్టుకొను సమయంలో నేను సహకరించగలను.

3. అవే నియమాలలోని 20వ నియమం ప్రకారం కాలనీ అసోసియేషన్‌తో మాట్లాడి ఆహారం పెట్టుటకు స్థలం, వేళ నిర్ణయించగలరు. అంగీకారం కుదరనిచో అదే నియమంలో చెప్పిన కమిటీ ముందు ఉంచగలరు.

4. 10-01-2026 ఉదయం మా వీధి నుండి కుక్క కళేబరం తొలగించిన వివరం రికార్డులో ఉన్నచో దాని నకలు ఇప్పించగలరు.

ఇట్లు, తమ విధేయురాలు

జత: పోలీసు ఫిర్యాదు నకలు, పశువైద్యుని చీటీ, ఫోటోలు 5.

ఇందులో మొదటి కోరికే అసలు కీలకం. మున్సిపాలిటీ ‘మేము ఎవరికీ అనుమతి ఇవ్వలేదు’ అని రాసిస్తే, ఆ ఆటోవాళ్లు చేసింది సొంత పని అని తేలిపోతుంది. ‘ఇచ్చాం’ అంటే ఇంకో చిక్కులో పడతారు. ఆరు నెలల లోపు కుక్కపిల్లల్ని ఆపరేషన్ కోసం పట్టుకోకూడదు, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థే ఆ పని చెయ్యాలి, చేశాక ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. కాబట్టి ఎటు రాసినా మీకు పనికొచ్చేదే. నాలుగో కోరిక పోలీసు కేసు కోసం. మున్సిపాలిటీ తీసిందన్న రికార్డు దొరికితే, కుక్క చచ్చిందనేది మీ మాట ఒక్కటే కాకుండా పోతుంది.

ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొసన త్రికోణంగా చిన్న కత్తిరింపు ఉంటుంది. మిగిలినవాటిలో అట్టాంటివి ఎన్నో ముందే చూసి రాసుకోండి. ఇన్‌స్పెక్టర్ ‘అన్నిటికీ అయిపోయాయమ్మా’ అంటే చెవులు చూపించొచ్చు.

మూడో కోరిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీకు కష్టంగా ఉన్నా. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని అదే ప్రాంతంలో వదలమంది, రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప. అదే ఉత్తర్వులో వార్డుల్లో ప్రత్యేకంగా చోట్లు ఏర్పాటు చెయ్యాలనీ, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ అన్నం పెట్టకూడదనీ చెప్పింది. అంటే ఇప్పుడు మీరు గేటు ముందు పెడుతుంటే తప్పు మీ వైపు కూడా ఉంటుంది. ఆ చోటు మీరే రాతపూర్వకంగా అడిగితే రేపు అసోసియేషన్ మీ మీద ఫిర్యాదు పెట్టినా మీ కాగితమే ముందుంటుంది. చోటు మీరే వెతికి చెప్పండి. పిల్లలు ఆడుకునే చోటు, గేట్లు, మెట్లు కాకుండా, జనం తక్కువ తిరిగే మూల. కాలనీ చివర నీళ్ల ట్యాంకు పక్కన, పొద్దున ఐదున్నరకు, రాత్రి పదికి, అట్టా.

మీ కాలనీ పక్కన బడి గానీ, ఆస్పత్రి గానీ ఉంటే ఇంకో సంగతి చూసుకోండి. 2025 నవంబరు 7న అదే కోర్టు బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పింది. బడి గేటు దగ్గర తిరిగే కుక్క కోసం ‘అదే స్థలంలో వదలండి’ అని రాస్తే మీ అర్జీ మొత్తం నీరుగారుతుంది. ఈ కేసులో ఉత్తర్వులు మారుతూ వచ్చాయి, ఇచ్చేముందు తాజాది చూసుకోండి.

ఇంకొకటి నిజాయితీగా అడుగుతున్నా. ఆ ఏడింటిలో ఏదైనా ఎవరినైనా కరిచిందా? కరిచి ఉంటే దాచొద్దు. ‘ఫలానా తేదీన ఫలానా కుక్క కరిచింది, దాన్ని పరీక్షించి నిర్ణయం తీసుకోండి’ అని మీరే ఐదో కోరికగా పెట్టండి. ఇన్‌స్పెక్టర్ కాలనీకి వచ్చినప్పుడు ఆయనకు మొదట వినపడేది ఆ కాటు సంగతే. అది మీ కాగితంలో ముందే ఉంటే మీ మిగతా మాటలు నమ్ముతాడు. నేనైతే నమ్మేవాణ్ని.

కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద తపాలు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ‘తర్వాత ఇస్తాం’ అంటే కదలొద్దు. వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. అదే రోజు వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ఒక నకలు ఇవ్వండి. రెండు వారాలు చూసి, కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అదే కాగితం, ఆ తపాలు నంబరుతో ఇవ్వండి. అక్కడి నుంచి వచ్చిన అర్జీకి మున్సిపాలిటీ ఎండార్స్‌మెంట్ రాయక తప్పదు. మొదటి కోరికకు జవాబు రాకపోతే ఆ ఒక్క ప్రశ్నే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగండి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. కానీ మూడు నెలల గడువు దాని కోసం ఆగదు, పోలీసు కాగితం దీనితో ముడిపెట్టొద్దు.

ఇక కుక్కపిల్లల గురించి. ఆటో నంబరు గానీ, ఏ వీధి సీసీ కెమెరాలో పడి ఉంటుందో గానీ తెలిస్తే ఇవాళే వెళ్లి అడగండి. చాలా ఇళ్ల కెమెరాల్లో పదిహేను రోజులు దాటితే పాత రికార్డింగు మీదే కొత్తది పడుతుంది. ఇన్‌స్పెక్టర్ విచారణకు వస్తానన్న రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి, చూసినవాళ్లలో ఒక్కరినైనా పక్కన నిలబెట్టుకోండి. ఆయన రాసుకున్నది చదివి వినిపించమని అడిగి, అందులో మీ మాట ఉంటేనే సంతకం పెట్టండి.